సూదికి తుప్పు పట్టించే చేతులు: చెమట మందుల్లో ఏది ఎక్కడ పనిచేస్తుంది

పోయిన ఏడాది శ్రావణం మొదట్లో, పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేసే ఒకమ్మాయి మా మందుల షాపుకు వచ్చింది. సంచిలోంచి మెరూన్ రంగు పట్టు ముక్క తీసి కౌంటర్ మీద పరిచింది. పని సగం దాకా అయింది. ఎడమచేతి బొటనవేలు ఆనే చోట రూపాయి బిళ్లంత మరక, దాని చుట్టూ ఉప్పు ఆరినట్టు తెల్లటి గీత. పక్కనే ఉన్న జరీ నల్లబడింది. తర్వాత చిన్న ప్లాస్టిక్ డబ్బా తెరిచి పూసలు కుట్టే సూదులు చూపించింది. వేళ్లు పట్టుకునే నడిమి భాగంలోనే తుప్పు. మొన, బెజ్జం రెండూ మెరుస్తూనే ఉన్నాయి.

"అన్నియ్యా, అన్నిటికన్నా గట్టి సెంటేదో అదియ్యండి. చంకలకీ చేతులకీ రెండిటికీ పనికొచ్చేది" అంది.

మాది పర్లాకిమిడి. ఒడిశాలో గజపతి జిల్లా, పక్కనే ఆంధ్రలోని పాతపట్నం. బోర్డులు ఒడియాలో ఉంటాయి, బేరాలు సగం తెలుగులో జరుగుతాయి. కొందరు 'ఝాళ' అని అడుగుతారు, కొందరు చెమట అంటారు. ఏ భాషలో అడిగినా అందరూ అడిగేది ఆ అమ్మాయి అడిగిన ఆ గట్టి సెంటే. అది కొని, పనిచెయ్యక, ఇంకో రకం కొని, అదీ పనిచెయ్యక, చివరికి 'నా ఒళ్లే ఇంత' అని ఊరుకుంటారు. ఆ అమ్మాయికి ఏది పనిచేసిందో, ఏది చెయ్యలేదో, ఎందుకో మొదటినుంచి చెబుతాను. చాలామంది ఇరుక్కునే ముళ్లన్నీ ఆమె దారిలోనే ఉన్నాయి.

ముందు ఆమె అప్పటిదాకా వాడిన సీసాలు తెప్పించి వెనకవైపు చదివాను. మూడు సీసాల్లో రెండు ఉత్త డియోడరెంట్లు. డియోడరెంట్ చెమటను ఆపదు. చెమటకు మొదట వాసన ఉండదు. చంకల్లో ఉండే బ్యాక్టీరియా దాన్ని విరగ్గొడితేనే వాసన వస్తుంది. డియోడరెంట్ ఆ బ్యాక్టీరియాను తగ్గించి, పైన సువాసన పూస్తుంది. అంతవరకే దాని పని. చెమట రాకుండా చేసేది యాంటీపెర్స్పిరెంట్. దాన్ని గుర్తుపట్టడం తేలిక. వెనక రాసిన పదార్థాల్లో 'అల్యూమినియం' అనే మాట ఉండాలి. అది లేకపోతే ముందువైపు ఎంత పెద్ద అక్షరాలతో '48 గంటలు' అని రాసినా అది చెమటకు మందు కాదు. ఆమె మూడో సీసా రోల్ ఆన్. అందులో అల్యూమినియం క్లోరోహైడ్రేట్ ఉంది. అంటే అసలు మందు ఆమె చేతిలో ఒక్కసారి పడింది, కానీ తేలిక రకం. దాన్ని కూడా పొద్దున్న స్నానం చేసి, తడి ఆరకముందే రాసుకుని పనికి కూర్చునేది.

ఇక్కడ పటిక గురించి ఒక మాట. మంగలి షాపులో గడ్డం గీశాక రుద్దే పటిక కూడా అల్యూమినియం లవణమే. మా పెద్దవాళ్లు పటిక నీళ్లతో చంకలు కడుక్కోమనేవారు. ఆ ఆలోచన తప్పేమీ కాదు. చర్మాన్ని కాస్త బిగిస్తుంది, వాసన తగ్గిస్తుంది. చుక్కలు చుక్కలుగా కారే చేతులకు మాత్రం దాని బలం చాలదు.

అసలు ఆ చేతులు ఎందుకు కారతాయి? ఎండకు ఒళ్లంతా పట్టే చెమట వేరు, అరచేతిలో పట్టే చెమట వేరు. అరచేతులు, అరికాళ్లలో చెమట గ్రంథులు చాలా ఒత్తుగా ఉంటాయి. వాటికి ఆజ్ఞ వేడివల్లకన్నా మనసులో కదలిక వల్ల ఎక్కువ వస్తుంది. పరీక్ష హాలు, కొత్త మనిషి, ఖరీదైన బట్ట చేతికి రావడం, ఏదైనా చాలు. కొందరిలో ఆ నరాల ఆజ్ఞ అవసరానికి మించి, ఏ కారణం లేకపోయినా వస్తూనే ఉంటుంది. గ్రంథులు మామూలుగానే ఉంటాయి, లోపం ఆజ్ఞలో ఉంది. దీన్నే డాక్టర్లు ప్రైమరీ హైపర్‌హైడ్రోసిస్ అంటారు. భయస్తులకు వచ్చే జబ్బు అనుకోవడం పొరపాటు. చెమట పడుతుందేమోనన్న బెంగ చెమటను పెంచుతుంది, అది నిజమే. కానీ మొదలైంది బెంగతో కాదు.

దాన్ని గుర్తుపట్టడానికి రక్తపరీక్ష అక్కర్లేదు, నాలుగు ప్రశ్నలు చాలు. ఎప్పటినుంచి? ఆ అమ్మాయికి ఏడో తరగతి నుంచి. నోటు పుస్తకం కింద రుమాలు పెట్టుకుని రాసేదట. రెండు చేతులూ ఒకేలా తడుస్తాయా? తడుస్తాయి. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? నాన్నకు ఉంది. నిద్రలో? ఈ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు. వాళ్లమ్మను అర్ధరాత్రి లేచి చెయ్యి పట్టుకుని చూడమన్నాను. మర్నాడు వాళ్లమ్మ వచ్చి, "పొడిగా ఉన్నాయి బావూ, మన చేతుల్లాగే" అంది. ఆ ఒక్కమాటతో నా అనుమానం చాలావరకు తీరింది. ఈ రకం చెమట నిద్రలో ఆగిపోతుంది.

ఇది తిరగబడితే మాత్రం సీసాలు వెతకడం మానెయ్యాలి. రాత్రి నిద్రలో పక్క తడిసేలా చెమట, దానితో సాయంత్రం జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే ముందు టీబీ పరీక్ష చేయించుకోవాలి. నలభై దాటాక ఉన్నట్టుండి ఒళ్లంతా మొదలైతే థైరాయిడ్ చూపించుకోవాలి. షుగరు మాత్రలు వేసుకునేవారికి వణుకుతో పాటు చల్లటి చెమట పడితే అది షుగరు పడిపోవడం కావచ్చు, అప్పటికప్పుడు చక్కెర పడాలి. డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మాత్రలు కూడా చెమట పెంచుతాయి. ఒక్క పక్కే చెమట పట్టడం కూడా డాక్టరు చూడాల్సిన లక్షణం.

ఆ అమ్మాయిని బరంపురంలో చర్మవైద్యుల దగ్గరకు పంపాను. ఆయన మొదట రాసింది 20 శాతం అల్యూమినియం క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ లోషన్. సీసా చూసి ఆమె నన్ను అడిగిన ప్రశ్న చాలా తెలివైనది. "నా పాత రోల్ ఆన్ మీద ఇంకో అంకె చూశాను, అది దీనికి దగ్గర్లోనే ఉంది. మరి ఇదెలా గట్టిది?"

శాతం ఒక్కటే చూస్తే అందరూ ఇక్కడే తప్పుతారు. ఏ లవణంలో ఎంత శాతం అన్నది చూడాలి. అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా అమ్మే యాంటీపెర్స్పిరెంట్లలో అల్యూమినియం క్లోరోహైడ్రేట్ 25 శాతం దాకా ఉండవచ్చు. అల్యూమినియం క్లోరైడ్ అయితే 15 శాతానికి మించకూడదు. తక్కువ శాతానికే గట్టి హద్దు ఎందుకంటే, క్లోరైడ్ ఘాటైన లవణం. క్లోరోహైడ్రేట్‌లో ఆమ్లం ముందే చాలావరకు విరిచేసి ఉంటుంది. అందుకే మంట తక్కువ, బలం కూడా తక్కువ. రెండూ చేసే పని ఒకటే. చెమట నాళంలోకి దిగి, అక్కడి తడితోనూ ప్రొటీన్‌తోనూ కలిసి జిగురుగా గడ్డకట్టి, బిరడాలా మూస్తాయి. క్లోరోహైడ్రేట్ బిరడా పైపైన పడుతుంది, క్లోరైడ్ బిరడా లోతుగా పడుతుంది. చర్మం పై పొరలు రాలేకొద్దీ బిరడా కూడా ఊడిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ రాయాలి. గ్రంథి దెబ్బతినదు. మందు మానేస్తే కొన్నాళ్లకు చెమట మామూలుగా వస్తుంది.

ఈ బిరడా సంగతి అర్థమైతే రాసుకునే పద్ధతి దానంతటదే తెలుస్తుంది. బిరడా గట్టిపడటానికి కొన్ని గంటలు పడుతుంది. ఆలోగా లోపలినుంచి చెమట ఉబికితే మందు కొట్టుకుపోతుంది. చెమట ఆగే వేళ నిద్ర వేళ కాబట్టి రాత్రి పడుకునే ముందే రాయాలి, పొద్దున్న కడిగెయ్యాలి. పొద్దున్నే రాసుకుని ఎండలోకి వెళ్లడం పారే కాలవకు మట్టికట్ట వేసినట్టే. రెండో సంగతి ఇంకా ముఖ్యం. అల్యూమినియం క్లోరైడ్ చర్మం పైన నీళ్లతో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుడుతుంది. మంట, దురద, ఎరుపు వచ్చేది దానివల్లే. అందుకని చర్మం పొడిగా ఉండాలి. తుడిస్తే సరిపోదు, తుడిచాక ఫ్యాను కింద పది నిమిషాలు ఆరనివ్వాలి.

ఆ అమ్మాయి మూడోరోజు చేతులు ఎర్రగా పట్టుకుని వచ్చింది. "మంటెత్తిపోతంది అన్నియ్యా, ఇది నాకు పడదు" అంది. ఎలా రాసిందో చేసి చూపించమన్నాను. రాత్రి గిన్నెలు తోమి, చేతులు కడుక్కుని, చీర చెంగుకు తుడుచుకుని వెంటనే రాసుకుంటోంది. చంకలకైతే స్నానం చేసి, బ్లేడుతో వెంట్రుకలు తీసిన రాత్రే రాసింది. నేను సీసా వెనక్కి తీసుకోలేదు. రెండు రాత్రులు ఆపమన్నాను. ఎర్రబడిన చోట డాక్టరు చెప్పినట్టు 1 శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము పొద్దుటిపూట పలచగా రాయమన్నాను. తర్వాత పద్ధతి మార్చాం. పడుకునే ముందు చేతులు కడగడం లేదు. గిన్నెల పని గంట ముందే ముగించడం. ఫ్యాను కింద ఆరాక పలచగా ఒక్క పూత, అది ఆరాకే పక్క మీదికి. చంకలకు రాత్రి విడిచి రాత్రి. వెంట్రుకలు తీసిన తర్వాత రెండు రోజులు ముట్టుకోకూడదు. ఈ మందు బట్టల రంగును, పట్టును, నగలను పాడుచేస్తుంది కాబట్టి పాత నూలు జాకెట్టు వేసుకోవాలి, ఉంగరం తీసెయ్యాలి.

చంకల్లో వారానికే తేడా తెలిసింది. మూడోవారం నాటికి జాకెట్టు కింద మరకలే లేవు. అప్పటినుంచి వారానికి రెండు రాత్రులు రాస్తే సరిపోతోంది. 'ఏ సెంటూ పనిచెయ్యలేదు' అనే చంకల కేసుల్లో ఎక్కువభాగం ఇక్కడే ఆగిపోతాయని నా అనుభవం. వాళ్లకు గట్టి మందు లేకపోవడం కన్నా, తప్పు వేళలో, తడి చర్మం మీద రాయడమే అసలు లోపం.

ఒక హెచ్చరిక మాత్రం మా ప్రాంతంలో గట్టిగా చెప్పాలి. మాకు దగ్గర్లోనే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉంది. అక్కడ కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టిందో అందరికీ తెలుసు. ఒంట్లోకి చేరిన అల్యూమినియం బయటికి పోవాల్సింది కిడ్నీల ద్వారానే. చర్మంలోంచి లోపలికి వెళ్లేది చాలా తక్కువ. మామూలు మనుషులకు రొమ్ము క్యాన్సర్ వస్తుందనీ, మతిమరుపు వస్తుందనీ ఫోన్లలో తిరిగే మాటలకు గట్టి ఆధారం లేదు. కానీ కిడ్నీలు దెబ్బతిన్నవారు, డయాలిసిస్‌లో ఉన్నవారు డాక్టర్ని అడక్కుండా ఈ లోషన్ వాడకూడదు. ఇంకోటి, చెమట తగ్గుతుందని నీళ్లు తాగడం తగ్గించేవాళ్లను నేను చూశాను. అరచేతి చెమట దానివల్ల తగ్గదు, కిడ్నీలకు మాత్రం చేటు.

చేతుల దగ్గరకొద్దాం. నాలుగు వారాలు పద్ధతిగా రాసినా ఆ అమ్మాయి అరచేతులు సగమే తగ్గాయి. అది మందు తప్పు కాదు, ఆమె తప్పూ కాదు. అరచేతి చర్మం మందం. చంకలో పలచటి తోలు గుండా దిగినంత తేలిగ్గా మందు ఇక్కడ దిగదు. అందుకే కొందరు డాక్టర్లు చేతులకు ఇంకా ఎక్కువ శాతం రాస్తారు, లేదా చర్మాన్ని మెత్తబరిచే సాలిసిలిక్ ఆమ్లంతో కలిపి ఇస్తారు. ఆమెకు మాత్రం అప్పటికే వేళ్ల సందుల్లో పొరలు లేస్తున్నాయి. సూది గుచ్చుకున్న ప్రతి చోటా మందు చురుక్కుమంటోంది. ఇంకా ఘాటు పెంచితే ఆ పనే చెయ్యలేదు. ఇక్కడ డాక్టరు మెట్టు మార్చారు.

ఆ మెట్టు పేరు అయాంటోఫోరెసిస్. పేరు పెద్దదే కానీ లోపల ఉన్నది నీళ్లూ, కొద్దిపాటి కరెంటూ. రెండు ప్లాస్టిక్ ట్రేలు ఉంటాయి. ఒక్కోదాని అడుగున లోహపు పలక, దానిమీద పలచటి స్పాంజి. అరచెయ్యి మునిగేంత కుళాయి నీళ్లు పోసి, రెండు చేతులూ చెరో ట్రేలో ఆనిస్తారు. బ్యాటరీలాంటి యంత్రం నుంచి ఒకే దిశలో పారే చిన్న కరెంటు ఒక చేతినుంచి రెండో చేతికి వెళుతుంది. చేతులకు సాధారణంగా 15 నుంచి 20 మిల్లీయాంప్లు. సున్నా నుంచి మెల్లగా పెంచుకుంటూ పోతే తేలికైన జిలజిల తెలుస్తుంది, అంతే. పది నిమిషాలయ్యాక మళ్లీ సున్నాకు దించి, కరెంటు దిశ మార్చి ఇంకో పది నిమిషాలు. మొదట వారానికి మూడుసార్లు. రెండు నుంచి నాలుగు వారాల్లో చేతులు పొడిబారతాయి. ఆ తర్వాత వారానికొకసారో, ఇంకా అరుదుగానో చేస్తే నిలుస్తుంది. కరెంటు చెమటను ఎలా ఆపుతుందన్నదాని మీద శాస్త్రజ్ఞుల్లో ఇంకా ఏకాభిప్రాయం లేదు, ఆపుతుందన్నదాని మీద మాత్రం ఉంది.

ఆమె మొదటి పన్నెండుసార్లు బరంపురం వెళ్లి చేయించుకుంది. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. రోజుకొక జాకెట్టు పని పోయేది. మొదటిరోజు ఏడుస్తూ మధ్యలో చేతులు లాగేసిందట. కరెంటు పారుతుండగా చెయ్యి పైకి లాగితే ఝల్లుమని దెబ్బ తగులుతుంది, దానికే భయపడుతుంది ఎవరైనా. తియ్యాలంటే ముందు సున్నాకు దించాలి. రెండో తప్పు, వేళ్ల మీద సూది పోట్లు అలాగే ఉంచి చేతులు పెట్టడం. తెగిన చోట చర్మం అడ్డు ఉండదు, కరెంటంతా ఆ సందులోంచే దూరుతుంది. తర్వాతినుంచి ఒక్కో పోటు మీద వేలికొసతో వాజలీన్ అద్దుకుని కూర్చునేది. గాజులు, ఉంగరాలు ముందే తీసేది.

డాక్టరు ఒప్పుకున్నాక, నాన్న అప్పు చేసి యంత్రం కొనిచ్చాడు. ఇంటికి వచ్చాక మూడు వారాలకు మళ్లీ చేతులు తడవడం మొదలైంది. యంత్రం పాడైందేమోనని తీసుకొచ్చి నా కౌంటర్ మీద పెట్టింది. మీటరు ఎంత తిప్పినా ముల్లు పైకి రావడం లేదు, చేతికి జిలజిలా తెలియడం లేదు. ఏ నీళ్లు పోస్తున్నావని అడిగాను. "శుభ్రంగా ఉంటాయని ఫిల్టర్ నీళ్లే పోస్తన్నాను" అంది. చిక్కంతా అదే. ఫిల్టర్ చేసిన ఆర్వో నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు, లవణాలు లేని నీళ్లలో కరెంటు సరిగా పారదు. బోరు నీళ్లు పొయ్యమన్నాను. మర్నాటికే ముల్లు లేచింది. మంచినీళ్లే తప్ప వేరే దొరకని చోట ట్రేలో చెంచాడు తినే సోడా కలుపుతారు.

గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు, మూర్ఛ ఉన్నవారు, చేతిలో గానీ ఛాతీలో గానీ ఉక్కు రాడ్లూ ప్లేట్లూ వేయించుకున్నవారు ఇది చేయించుకోకూడదు. ఫోన్ ఛార్జరూ, రేకు పళ్లేలూ పెట్టుకుని ఇంట్లో సొంతంగా కట్టుకోవచ్చని చూపించే వీడియోలు తిరుగుతున్నాయి. రెండు చేతుల మధ్య కరెంటు పారే దారిలో గుండె ఉంటుంది. ఆ వీడియో చూసి ప్లగ్గులో వైరు పెట్టకండి, దయచేసి.

ఇక మాత్రలు. గ్లైకోపైరోలేట్, ఆక్సీబ్యుటినిన్ అనేవి ఈ పనికి డాక్టర్లు రాసేవి. ఆక్సీబ్యుటినిన్ అసలు మూత్రాశయం జబ్బుకు పుట్టిన మందు. గ్రంథికి ఆజ్ఞ మోసే రసాయనం పేరు అసిటైల్ కోలిన్. దాన్ని ఈ మాత్రలు అడ్డుకుంటాయి. అడ్డుకోవడం చేతుల్లో మాత్రమే జరిగితే బాగుండేది. కానీ ఒళ్లంతా జరుగుతుంది. నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, చూపు మసకబారుతుంది, ప్రోస్టేట్ పెరిగిన పెద్దవాళ్లకు మూత్రం బిగుసుకుపోతుంది. కొన్ని రకాల గ్లాకోమా ఉన్నవారు అసలు ముట్టుకోకూడదు. అందుకే ఆక్సీబ్యుటినిన్ 2.5 మిల్లీగ్రాముల్లాంటి చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు.

మా దగ్గర వీటన్నిటికన్నా పెద్ద చిక్కు ఎండ. మే నెలలో ఒక తాపీమేస్త్రీ ఎవరి చీటీయో ఫోన్లో చూపించి ఈ మాత్రలు ఇమ్మన్నాడు. చంకల చెమటకట. "చెమట ఆగితే ఒళ్లు చల్లగానే ఉంటది గదా బావూ" అన్నాడు. సరిగ్గా తిరగబడిన మాట అది. ఒంటి వేడి పోయేదే చెమట ఆరడం వల్ల. స్లాబు మీద మిట్టమధ్యాహ్నం పనిచేసే మనిషికి ఒళ్లంతా చెమట బిగిస్తే వడదెబ్బ తగలడానికి ఆట్టే సేపు పట్టదు. నేను మాత్రలు ఇవ్వలేదు. లోషన్ రాసుకునే పద్ధతి చెప్పి పంపాను. చంకలు రెండూ కలిపినా ఒంట్లో చిన్న భాగమే, అక్కడ మూస్తే ఒంటి వేడికి అడ్డేమీ రాదు. నీడపట్టున పనిచేసేవారికి, ముఖం, తల, చేతులు, కాళ్లు అన్నీ కలిపి కారేవారికి ఈ మాత్రలు నిజంగా ఉపయోగపడతాయి. కానీ వేసవిలో మోతాదు సంగతి డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి.

లోషన్‌తో లొంగని చంకలకు బోటాక్స్ ఇంజెక్షన్ మంచి దారి. ముడతలకు వేసేదే. చెమట నరం చివర అసిటైల్ కోలిన్ బయటికి రాకుండా ఆపుతుంది. ఒక్కో చంకకు 50 యూనిట్లు, చర్మంలోనే పది పదిహేను చోట్ల చుక్కలు చుక్కలుగా వేస్తారు. వారంలో పొడిబారుతుంది. చాలామందికి నాలుగు నుంచి ఏడు నెలలు నిలుస్తుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. ఖర్చు వేలల్లో ఉంటుంది, అది ఏటా ఉంటుంది. అరచేతులకూ వేస్తారు కానీ అక్కడ నొప్పి చాలా ఎక్కువ, చెయ్యి మొద్దుబార్చి వెయ్యాలి. పైగా కొన్ని వారాలు బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టే పట్టు సడలవచ్చు. సూది పట్టి బతికే మనిషికి ఆ పట్టే ప్రాణం. అందుకే ఆ అమ్మాయి విషయంలో డాక్టరు ఆ మాట ఎత్తి, తనే పక్కన పెట్టేశారు.

చివరిది ఆపరేషన్. ఛాతీలో పక్కటెముకల దగ్గర వెన్ను వెంబడి పోయే సింపథెటిక్ నరాన్ని కెమెరా గొట్టంతో చూసి కత్తిరిస్తారు, లేదా క్లిప్పు వేస్తారు. చేతులు ఆపరేషన్ బల్ల మీదే పొడిబారిపోతాయి. అంత స్పష్టంగా పనిచేసే వైద్యం ఇంకోటి లేదు. దాన్ని ముందే చేయించుకుంటే పోలేదా అని చాలామంది అడిగేది అందుకే.

నాకు తెలిసిన ఒక కుర్రాడు రాయగడ దగ్గరవాడు. పోలీసు ఉద్యోగానికి వేలిముద్ర యంత్రం పదేపదే తిప్పికొడుతోందని, లోషన్ కూడా వాడకుండానే ఒక పట్నంలో ఈ ఆపరేషన్ చేయించుకున్నాడు. చేతులు ఈనాటికీ పొడిగానే ఉన్నాయి. కానీ రొమ్ము కిందినుంచి వీపు, పొట్ట, తొడలు చెమటతో కారిపోతాయి. ఎండాకాలంలో రోజుకు నాలుగు చొక్కాలు మారుస్తాడు. కుర్చీలోంచి లేస్తే కుర్చీ తడిగా ఉంటుందని పెళ్లిళ్లలో నిలబడే ఉంటాడు. ఒకచోట మూసిన చెమట ఇంకోచోట పొంగడాన్ని కాంపెన్సేటరీ స్వెటింగ్ అంటారు. ఈ ఆపరేషన్ చేయించుకున్నవారిలో కొద్దోగొప్పో ఇది చాలామందికి వస్తుంది, కొందరికి ఇలా భరించలేనంతగా వస్తుంది. ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. తెగిన నరం మళ్లీ మామూలుగా అతకదు. ఉక్కపోత ప్రాంతంలో ఉండేవాళ్లకు ఇది ఇంకా బరువు. 'ఈ సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదన్నా' అని అతను అన్న మాటే నన్ను ఇది రాయించింది.

తప్పనిసరై చేయించుకునేవారు సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఏ పక్కటెముక దగ్గర కత్తిరిస్తారు? చేతుల చెమటకు మూడో పక్కటెముక గానీ నాలుగో పక్కటెముక గానీ అన్నది 2011లో అమెరికా ఛాతీ సర్జన్ల సంఘం నిపుణులు చెప్పిన మాట. నాలుగోదాని దగ్గర చేస్తే చేతుల్లో కాస్త తేమ మిగలవచ్చు కానీ, వీపు మీద పొంగడం తక్కువ. ఇంకా పైకి పోయేకొద్దీ కనురెప్ప వాలిపోయే ముప్పు కూడా పెరుగుతుంది.

మెరూన్ జాకెట్టు అమ్మాయి ఆ మెట్టుదాకా వెళ్లలేదు. ఇప్పుడు ఆదివారం రాత్రి ట్రేలు పెట్టుకుని ఇరవై నిమిషాలు కూర్చుంటుంది, బుధ, శనివారాల రాత్రి చంకలకు లోషన్ రాస్తుంది. చేతులు పూర్తిగా పొడి అని చెప్పలేను. కొత్త పట్టు చేతికొచ్చిన మొదటి పది నిమిషాలు అరచేతుల్లో తేమ మెరుస్తుంది, ఆరిపోతుంది. మొన్న మాఘమాసం పెళ్లిళ్ల గిరాకీలో రెండు ఆదివారాలు మానేసింది. మూడో వారం మధ్యలో సూది జారింది. మళ్లీ వారానికి మూడుసార్ల లెక్కన మొదలుపెడితే ఎనిమిదోరోజుకు దారికొచ్చింది. సూదుల డబ్బా నిన్న చూపించింది. పాత తుప్పు సూదులు ఇంకా ఒక మూల ఉన్నాయి, కొత్తవి వాటి పక్కన మెరుస్తున్నాయి.